బ్రోషరులో లేని ప్రశ్న

మా ఆయన చనిపోయిన ఏడాదే బ్రాడీపేటలో ఒక ప్రైవేటు స్కూలువాళ్లు నాకు హాస్టలు వార్డెను ఉద్యోగం ఇచ్చారు. ఉండడానికి గది కూడా హాస్టల్లోనే. సమాధి దగ్గర నేను ఏడవలేదని చర్చిలో ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. అనుకోనీ. నాకు రాలేదు, అంతే.

మే నెలలో కరెస్పాండెంటు గారు పిలిచి, "ఈసారి పిల్లలు చేరకపోతే హాస్టలు మూసేస్తానమ్మా" అన్నారు. హాస్టలు మూస్తే నా గదీ పోయినట్టే. భయం వేయాలి. వేయలేదు. బ్రోషరు మార్చి రాస్తానని మాత్రం అన్నాను.

పాత బ్రోషరు నిండా గొప్పలే. పక్కా భవనం, ల్యాబు, లైబ్రరీ, విశాలమైన ఆటస్థలం. ఆ ఆటస్థలంలో మా వంటామె వడియాలు పెట్టేది. మార్కెట్ యార్డులో మిరపకాయలు అమ్ముకుని అటునుంచటే స్కూలుకొచ్చే రైతుల్లో ఒక్కరూ ల్యాబు గురించి అడగలేదు. వాళ్లడిగినవి వారం రోజులు నోటుబుక్కులో రాసుకున్నాను. జ్వరమొస్తే ఎవరు చూస్తారు? ఇంగ్లీషు రాదని నవ్వుతారా? మేం ఎప్పుడొచ్చి చూడొచ్చు? ఆ ప్రశ్నలే శీర్షికలుగా పెట్టి, కింద మేం చేయగలిగినవే రాశాను. జ్వరమొస్తే ఏ డాక్టరుకు చూపిస్తామో, ఊరికి కబురు ఏ బస్సు కండక్టరుతో పంపుతామో కూడా.

పేచీ మూడో ప్రశ్న దగ్గర వచ్చింది. మొదటి నెల తల్లిదండ్రుల్ని రానివ్వరు. అది రాయొద్దన్నారు కరెస్పాండెంటు గారు.

"చదివితే ఎవరు చేర్పిస్తారమ్మా?"

"చేరాక తెలిస్తే తీసుకుపోతారు కదండీ" అన్నాను. విసుక్కుంటూనే ఒప్పుకున్నారు.

ప్రెస్సు నుంచి ప్రూఫు వచ్చిన రోజు ప్రత్తిపాడు వైపు నుంచి ఒకావిడ కొడుకుని చేర్పిద్దామని వచ్చింది. ఆవిడకు చదువు రాదు. ప్రూఫంతా చదివి వినిపించాను. మిరపకాయల తొడిమలు తీసి మండుతున్న చేతుల్ని కొంగుకి తుడుచుకుంటూ వింది. నెలరోజులు రానివ్వరనే చోట చేతులు ఆగాయి.

"మావోడు ఏడుస్తాడండీ. ఏడిస్తే ఎవరి కాడ ఏడవాల?"

అది నా నోటుబుక్కులో లేదు. కరెస్పాండెంటు గారు "మా దగ్గర పిల్లలు ఏడవరమ్మా" అనబోయారు.

"నా దగ్గర" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మీరు ఊరుకోబెడతారా?"

"ఊరుకోబెట్టలేనండీ. ఏడ్చినంతసేపూ పక్కన కూర్చుంటాను."

ఆవిడ కొడుకు పేరు రాయించింది. నేనన్న మాటని ప్రూఫు అంచున పెన్నుతో చేర్చి ప్రెస్సుకు పంపాను.

హాస్టలు నిండింది. గది నిలిచింది. సంతోషం కూడా వేయలేదు.

జూన్‌లో స్కూలు తెరిచిన సాయంత్రమే ఆవిడ కొడుకు నా గదికొచ్చి ఏడ్చాడు. అచ్చులో ఉన్న ప్రకారం పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి ముక్కు తుడుచుకుని, గదంతా చూసి, "మీ ఇంటోళ్లు ఏరండీ?" అన్నాడు.

"లేరురా" అన్నాను.

ఆయన పోయాక ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి.