రంగులు వెనక్కి వెళ్ళిన కార్డులు

ఆ బడిలో ఆరో తరగతికి భాష చెప్పే టీచరుకు పిల్లలు పెట్టిన పేరు సుద్దముక్క. గంట కొట్టేలోగా బోర్డంతా నింపేసి, చివరికి తానే సగం అరిగిపోయినట్టు కనిపిస్తుందని. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇంతకంటే అన్యాయమైన పేర్లు మోస్తున్నవాళ్ళు స్టాఫ్ రూంలో ఉన్నారు కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు.

ఇరవై రెండేళ్ళుగా ఆమె భాషాభాగాలు ఒకే తీరుగా చెప్పింది. పేరును తెలిపేది నామవాచకం, పేరుకు బదులు వాడేది సర్వనామం, గుణాన్ని తెలిపేది విశేషణం, పనిని తెలిపేది క్రియ, ఎక్కడ వాడినా రూపం మారనిది అవ్యయం. పిల్లలు రాగం తీసి అప్పజెప్పేవాళ్ళు. ఈ ఏడు మొదటి పరీక్షలో 'కుక్క గేటు దగ్గర పడుకుంది' అన్న వాక్యంలో క్రియ ఏదని అడిగితే, ముప్పై నలుగురిలో పంతొమ్మిది మంది 'కుక్క' అని రాశారు. ఆ పంతొమ్మిది మందికీ నిర్వచనం మాత్రం పొల్లు పోకుండా వచ్చు. ఆ పేపర్లు దిద్దిన రోజు ఆమెకు నిజంగా సిగ్గేసింది. ఇన్నేళ్ళూ చెప్పింది గోడకు చెప్పినట్టేనా అనిపించింది.

అందుకే కార్డుల ఆట తలపెట్టింది. మూడు ఆదివారాలు కూర్చుని రంగు అట్టలు కత్తిరించింది. నామవాచకాలు నీలం, సర్వనామాలు ఆకుపచ్చ, విశేషణాలు పసుపు, క్రియలు ఎరుపు, అవ్యయాలు ఊదా. ఒక్కొక్కరికి అయిదు కార్డులు. వంతు వచ్చినప్పుడు కట్టలోంచి ఒకటి తీసుకుని, అక్కర్లేనిది ఒకటి వదలాలి. ముందుగా వాక్యం పేర్చినవాళ్ళది గెలుపు. 'అన్నయ్య' పక్కన 'వచ్చింది' పడితే కుదరదు కాబట్టి వచ్చాడు, వచ్చింది, వచ్చారు అని క్రియలు మూడు రూపాల్లోనూ రాసింది. నలభై నిమిషాల పీరియడును పది, ఇరవై, పదిగా విడగొట్టి ప్రణాళికలో పెట్టింది: పాత పాఠం గుర్తుచేయడం, ఆట, ఆ తర్వాత పేర్చిన వాక్యాలు నోటుబుక్కులో రాయించడం. హెడ్మాస్టరు ఆ కార్డులు చూసి మురిసిపోయి, సోమవారం పక్క బడుల టీచర్లనూ పర్యవేక్షకుణ్ణీ పాఠం చూడడానికి పిలిచేశాడు. ఫొటోలో రంగులు బాగా పడతాయట.

శనివారం సాయంత్రం ఆటను ఇంట్లో ఆడి చూసింది. భర్త పోస్టాఫీసు కౌంటరు గుమాస్తా. ఎంత గజిబిజి అడ్రసునైనా చదివేస్తానని ఆయనకు గర్వం. మూడో మనిషి కావాలని అత్తగారిని కూర్చోబెట్టింది. ఆవిడ ముప్పై ఏళ్ళు దర్జీ కొట్లో కాజాలు, గుండీలు కుట్టింది. అక్షరం రాదు. వాక్యం ఎలా పడుతుందో ఒకసారి పరిచి చూపించి, కార్డు వచ్చినప్పుడల్లా చదివి చెబుదామని కోడలు పక్కనే కూర్చుంది.

చెప్పాల్సిన పని పడలేదు. మొదటి ఆట అత్తగారు గెలిచింది. రెండోదీ ఆవిడే. కొడుకు కళ్ళజోడు సర్దుకుని ఒక్కో మాటా చదువుకునేలోగా ఆవిడ పసుపు, నీలం, ఎరుపు వరసగా పరిచేసి చేతులు దులుపుకుంటోంది. అయిదింట నాలుగు ఆవిడవే. కొడుకు మొహం మాడిపోయింది. కోడలు మాత్రం పొంగిపోయింది, ఆట ఇంత తేలిగ్గా పట్టుబడితే పిల్లలకు నల్లేరు మీద నడకే అని. ఎందుకో ఒకసారి వంగి అత్తగారు పరిచిన కార్డులు చదివింది. 'చల్లని కుర్చీ నవ్వింది.' దాని కింద 'పొట్టి అన్నయ్య ఎగిరింది.'

అత్తగారు కార్డులు పోగుచేస్తూ అడిగింది.

"ఇది పిల్లలకి ఏం నేర్పుదామని చేశావమ్మాయ్?"

"మాటలు, అత్తయ్యా. వాక్యంలో ఏ మాట ఏ పని చేస్తుందో."

"మరి నాకు అక్షరం ముక్క రాదు కదా. నేనెట్లా గెలిచాను?"

సుద్దముక్క టీచరు ఆ కార్డుల వంక మళ్ళీ చూసింది. అత్తగారు జీవితమంతా బట్టకు తగ్గ దారం, దారానికి తగ్గ గుండీ ఏరిన మనిషి. ఇక్కడా అదే చేసింది. ఎల్లుండి పిల్లలూ అదే చేస్తారు. మాట మొహం చూడకుండా రంగులు పేరుస్తారు. ఆ ముప్పై నలుగురికీ మళ్ళీ ఏమీ రాదు, కాకపోతే ఈసారి చుట్టూ పెద్దవాళ్ళు నిలబడి చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు తలుచుకుంటే ఆమెకు భయం వేసింది.

ఆదివారం పొద్దున్నే తెల్ల అట్టలు కొనుక్కొచ్చి మొదటికొచ్చింది. ఈసారి ముందువైపు నల్ల సిరాతో మాట మాత్రమే. రంగు వెనకవైపు కందిగింజంత చుక్కగా పోయింది. వాక్యం పేర్చినవాళ్ళు పైకి చదవాలి, ఏ మాట ఏ భాగమో చెప్పాలి, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒప్పుకోవాలి. ఆ తర్వాతే తిప్పి చూసుకోవాలి. 'మంచి' అన్న కార్డు వెనక రెండు చుక్కలు పెట్టింది. 'మంచి పాప'లో అది విశేషణం, 'మంచి జరిగింది'లో నామవాచకం. చుక్కలన్నీ అత్తగారే పెట్టింది, కోడలు రంగు పేరు చెబుతుంటే. ఆఖరి చుక్క పెట్టి పెన్ను మూత బిగించి, "అయితే ఇంక ఈ ఆటలో నాకు పని లేదన్నమాట" అంది. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో. అందుకే కోడలికి ప్రాణం ఉసూరుమంది. పనికిరాని రంగు కార్డుల్లోంచి ఎర్రది ఒకటి తీసి, ఇదేం మాట అని అడిగింది అత్తగారు. 'వచ్చింది' అని చెప్పింది కోడలు. ఆవిడ దాన్ని తన గుండీల డబ్బాలో వేసుకుంది.

సోమవారం తెల్ల కార్డులు చూసి హెడ్మాస్టరు మొహం చిన్నబోయింది. పాఠం కూడా చూడముచ్చటగా ఏమీ సాగలేదు. ఆట మొదలై పది నిమిషాలైనా ఒక్క బల్ల మీదా వాక్యం పడలేదు. ఆ తర్వాత పడ్డవాటిని పక్కవాళ్ళు ఒప్పుకోలేదు. కిటికీ పక్క బల్ల దగ్గర ఇద్దరు ఆడపిల్లలకు 'మంచి' మీద తగువొచ్చింది. అది గుణమేనని ఒకతె. జరిగిందేమిటి, మంచి, కాబట్టి అది పేరేనని ఇంకొకతె. ఎవరూ నిర్వచనం అప్పజెప్పలేదు. ఇద్దరూ వాక్యాన్నే వేలితో పొడిచి చూపిస్తున్నారు. టీచరు కల్పించుకోకుండా పక్క బల్ల దగ్గరికి నడిచింది. అంతలో గంట కొట్టారు. నోటుబుక్కులు తెరవనే లేదు. పర్యవేక్షకుడు 'సందడి ఎక్కువ, ఆట ముగియలేదు' అని రాసుకుని వెళ్ళాడు. ఆమెకు కష్టంగానే తోచింది, కానీ పశ్చాత్తాపం మాత్రం కలగలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి తెల్ల కార్డుల కట్ట బల్ల మీద పెట్టింది. ఎవరు గెలిచారని అత్తగారు అడిగింది. ఎవరూ గెలవలేదని, కొట్లాటలో ఉండగానే గంట కొట్టేశారని చెప్పి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి కార్డులన్నీ మాటలు పైకి ఉండేలా బల్లంతా పరిచి ఉన్నాయి. గుండీల డబ్బా అరుగు మీద, మూత వేసే ఉంది. అత్తగారు దారం ఎక్కించేటప్పటిలా కళ్ళు చికిలించి ఒక్కో వరసా చూసుకుంటూ పోతోంది. చాలాసేపటికి ఒక కార్డు తీసి కోడలి ముందు పెట్టింది.

"ఇది 'వచ్చింది' కదూ?"

అదే. వెనక చుక్క చూద్దామని, అలవాటుకొద్దీ కోడలు కార్డు మీద చెయ్యి వేసింది. అత్తగారు ఆ చేతిని పట్టుకుని ఆపింది.

"తిప్పకమ్మాయ్. చదివే తీశాను."