చప్పుడు చేయకుండా

క్యాథరిన్ కరీంనగర్‌లో ఒక చాయ్‌పత్తా కంపెనీకి సోషల్ మీడియా పేజీ నడుపుతుంది. గదిలో ఒక్కతే ఉంటుంది, పనీ అక్కడే. సొంతకాళ్ల మీద నిలబడిందని మెచ్చుకునేవాళ్లు చాలామందే. ఆదివారం పూట తలుపు తట్టేవాళ్లు మాత్రం లేరు.

ఆ ఆదివారం చర్చికి బయలుదేరబోతుంటే ఫోన్‌లో ఓ పెద్ద పరుపుల కంపెనీ పోస్టు కనబడింది: "ఆదివారం. మేమే లేవలేదు, మిమ్మల్నేం లేపుతాం."

ఇలాంటివాటి కింద వేరే కంపెనీల పేజీలూ సరదాగా జవాబులు రాస్తుంటాయి. ఆ జవాబు వెంటనే పడాలి. పూట గడిచాక వేసిన జోకు ఎవరికీ కనబడదు. చెప్పులు విడిచి కూర్చుంది. ఒక వాక్యం రాసి, యజమాని బుచ్చిరాములుకు పంపింది. ఆయన ఒప్పుకోనిదే ఏదీ పెట్టకూడదు.

"పడుకోండి. చాయ్ పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్లిపోతాం."

ఆయన ఫోన్ చేశాడు. "గిదేంది బిడ్డా? మన పేరేది? ప్యాకెట్‌కు గ్లాసు ఫ్రీ అని రాయకపోతివి?"

"పేరు పైన ఉంటది సేటు. గ్లాసు సంగతి రాస్తే ఎవ్వలూ నవ్వరు. మంది ముచ్చట్ల జొచ్చి సరుకు అమ్మినట్టుంటది."

"మంచిది, పెట్టు. గిది గూడ నడువకపోతే వచ్చే నెల సంది పేజీ బంద్. ముందే చెప్తున్న."

పెట్టింది. కాసేపటికి పరుపులవాళ్లు జవాబిచ్చారు: "వాసనకే లేచాం."

అంతే, జనం విరగబడ్డారు. మధ్యాహ్నానికి వేల లైకులు. బుచ్చిరాములు ఆ లింకును చుట్టాల గ్రూపులో వేశాడు. దుబాయ్ నుంచి మేనల్లుళ్లందరూ వచ్చి ఆ వాక్యం కిందే "సూపర్ మామా", "మామ అంటే మామనే" అని రాశారు. క్యాథరిన్ తల పట్టుకుంది.

"జర మీ అల్లుళ్లను ఆపున్రి సేటు. పెండ్లి బరాత్ అయితుంది."

"ఆపుత, ఆపుత. పేజీ ఉంటది తియ్ బిడ్డా!"

కొలువు నిలిచింది. కామెంట్లలో ఎవరో అడిగారు: "ఈ పేజీ నడిపే అన్న ఎవరు? జీతం పెంచండి." దానికే వందల లైకులు.

ఆమె వేళ్లు ఆగలేదు. "అన్న కాదు, నేను క్యాథరిన్‌ను. బెల్లంపల్లి" అని టైపు చేసింది.

అప్పుడే బెల్లంపల్లి నుంచి తల్లి రిబ్కమ్మ ఫోన్ చేసింది. "గుడికి పోయినవా బిడ్డా?"

"లేదవ్వా, పని పడ్డది. నేను రాసింది వేలమందికి నచ్చింది."

"దేవునికి స్తోత్రం! పై ఆదివారం గుడిల అందరి ముందట సాక్ష్యం చెప్త. ఏం రాసినవ్?"

చదివి వినిపించింది.

"గంతేనా? చాయ్ పెట్టి ఎల్లిపోతమనా? ఎవలకు పెట్టినవ్ చాయ్?"

"ఎవ్వలకూ లేదవ్వా."

"మరి గింత సంబురమేంది?... అన్నం తిన్నవా?"

"తిన్న," అంది, తినకుండానే.

ఫోన్ పెట్టేశాక తెరమీద తను టైపు చేసింది అలాగే ఉంది. పంపితే కంపెనీ మాట పోయి క్యాథరిన్ మాట అవుతుంది. అంతమంది నవ్విన వాక్యానికి తోక తగులుతుంది. చప్పుడు చేయకుండా వెళ్లిపోతామని చెప్పి, గుమ్మంలో నిలబడి పేరు చెప్పుకోవడం ఎలా?

ఒక్కో అక్షరమే చెరిపేసింది. పరుపులవాళ్ల జవాబుకు ఓ గుండె గుర్తు పెట్టింది. ఆ పేజీ వెనక ఎవరు కూర్చున్నారో ఆమెకూ తెలియదు.