నుదుటి మీద గీత

నా భార్య చనిపోయిన నెల రోజులకు, అశోక్ నగర్‌లో టీ కొట్టు దగ్గర ఫోన్‌లో తీసిన ఆమె ఫొటోను నారాయణగూడలోని స్టూడియోకు తీసుకెళ్లాను. ఇంట్లో గోడ మీదున్న అమ్మ పాత ఫొటోకు జతగా ఉండేలా చేయమన్నాను.

స్టూడియో అతను కంప్యూటర్‌లో రంగులు తీసేసి, పాత ఫొటోల్లో ఉండే గోధుమరంగు సెపియా ఛాయ ఇచ్చాడు. పాత కాగితం మరకలను ఒక పొరగా, గీతలను మరో పొరగా పైన పరిచి, అంచులు వెలిసినట్టు చేశాడు. ఆమె ఎప్పుడో పోయిన మనిషిలా కనిపించింది.

"గీతలొద్దు," అన్నాను.

అతను ఆ పొర తీసేశాడు. నుదుటి మీద ఒకటి మిగిలింది.

"ఇదొక్కటి పోతలేదు సార్. జర తుడిచెయ్యాల్నా?"

అది ఆమె చిన్నప్పటి కుట్ల మచ్చ. రోజూ చూసిన నేను కూడా ముందు దాన్ని అతను పెట్టిన గీతే అనుకున్నాను.

"అది ఆమెది, ఉండనియ్యి. నువ్వు పెట్టినవన్నీ తీసెయ్యి," అన్నాను.