బెల్లంలో ఊడిపోయిన రెండక్షరాలు

అరవైల చివర్లో మా అక్క మొగుడూ నేనూ విశాఖపట్నంలో ఒకే ప్రయోగశాలలో పనిచేసేవాళ్లం. బావ ఒక పెట్టె కట్టేడు. దాన్ని మోసుకొచ్చి అనకాపల్లి తారాఫీసు బల్ల మీద పెడితే భూమి రెండంగుళాలు కిందకి దిగిందని ఇప్పటికీ నా నమ్మకం. అక్కడి టెలిప్రింటర్ పంపిన అక్షరాల్ని ఈ పెట్టె చదవాలి, చదివింది పక్క ప్రింటర్ మీద కొట్టాలి. చదివితే బావకి ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే లేదు.

టెలిప్రింటర్‌కీ పెట్టెకీ ఒకే గడియారం లేదు. అక్షరం మొదలయ్యేటప్పుడు లైన్లో కరెంటు ఒకసారి పడిపోతుంది. అదే గుర్తు. దాని వెనకాలే అయిదు స్పందనలు, ఒక్కోదాంట్లో కరెంటు ఉండడమో లేకపోవడమో; ఎందులో ఉంది, ఎందులో లేదు అన్నదాన్ని బట్టే అది ఏ అక్షరమో తెలుస్తుంది. ఒక్కో స్పందన పట్టే సేపట్లో బావ పెట్టె పదహారుసార్లు తొంగి చూసేది, పెళ్లివారింటి వంటగదిలోకి మా పెద్దమ్మలాగ. కరెంటు పడగానే ఎనిమిది చూపులు లెక్కపెట్టి మళ్లీ చూస్తుంది. ఈలోగా కరెంటు లేచిపోతే అది ఉత్త రవ్వ, వదిలేస్తుంది. ఇంకా పడే ఉంటే అక్షరం నిజం, అది సరిగ్గా మొదటి గుర్తు నడిబొడ్డు. అక్కణ్ణించి పదహారు చూపులకొకసారి చదువుకుంటూ పోతే ప్రతి స్పందనా మధ్యలోనే దొరుకుతుంది.

పరీక్ష చూడ్డానికి ఢిల్లీ పెద్దలు వచ్చేరు. పెట్టె పంపినవి పంపినట్టు కొట్టింది. మా ప్రయోగశాల పెద్ద, మా సారు, ఛాతీ చొక్కా గుండీల్ని గది చివరికి ఎగరేసేంత పొంగింది.

"ఏ వేగంలో పంపినా చదువుతుందండీ! మెకానిక్, తగ్గించు."

"సార్, వేగంలో తేడా నూటికి ఎనిమిది దాటితే నేను పూచీ ఇవ్వలేను" అన్నాడు బావ. "తేడా స్పందన స్పందనకీ పేరుకుంటుంది. అయిదోదానికొచ్చేసరికి నడుమ తప్పి నాలుగోదాని మీద పడతాం."

"భయపడకోయ్."

తారాఫీసు మెకానిక్ సాయిబు మోటారు స్క్రూ తిప్పుతూ బావ చెవిలో అన్నాడు: "ఏటి బావూ, మీ సారు బండి నడుపుతన్నాడా, తోసేత్తన్నాడా? నూటికి పదకొండు తగ్గించీమంటన్నాడు."

ఊరి గౌరవార్థం BELLAM అని కొట్టేరు. ప్రింటర్ BE కొట్టి, కాగితాన్ని రెండు లైన్లు పైకి నెట్టి, AM కొట్టింది. L అక్షరంలో నాలుగో స్పందనకి కరెంటు లేదు, అయిదోదానికి ఉంది. పెట్టె నాలుగోదాన్నే రెండుసార్లు చదివింది. అయిదోది పోయిన L అంటే 'లైను మార్చు' అని అర్థం. మిగతా అక్షరాల్లో నాలుగోదీ అయిదోదీ ఒకలాంటివే గనక బతికిపోయాయి.

పెద్దలు నవ్వేరు. సారు నవ్వలేదు.

"టెంపరరీ మనుషులకి పని అప్పజెపితే ఇంతేనండీ" అన్నాడు.

బావ స్క్రూ వెనక్కి తిప్పించేడు. BELLAM పూర్తిగా వచ్చింది. చూడ్డానికి నేనూ సాయిబూ తప్ప ఎవరూ లేరు. పెద్దల జీపు అప్పటికే వెళ్లిపోయింది.

బావ ఉద్యోగం పర్మనెంటు కాలేదు. తర్వాత సారు అదే పెట్టెని సరైన వేగంతో ఇంకోచోట చూపించి మెప్పు పొందేడు. దాని మీదకి సారు పేరు చెక్కిన ఇత్తడి పలక వచ్చింది. బిగించడానికి బావనే పిలిచేరు. నాలుగు స్క్రూలూ గట్టిగానే బిగించేడు.