కాలని చొక్కాలు

జహనుమాలో ఆ గల్లీకి ఎండ మధ్యాహ్నం కాసేపే దిగుతుంది. ఆ కాసేపట్లోనే కళావతి వెనకగది తలుపు తెరిచి, దుప్పటి పరిచిన బల్ల మీద చొక్కాలు ఆరబెట్టినట్టు పరుస్తుంది. ఒకప్పుడు పురానాపూల్ దగ్గర భర్తతో కలిసి బొగ్గుల ఇస్త్రీ బండి నడిపేది. అతను పోయాక బండినీ బొగ్గుల పెట్టెనీ అమ్మేసి, కరెంటు ఇస్త్రీ పెట్టె కొనుక్కుని ఈ గదిలో దిగింది. పది ఇళ్ల బట్టల ముడతలు తీయడమే ఆమె బతుకు.

చలికాలం మొదలవగానే ఇంటి ఓనరమ్మ ఆండాలు కొత్తగా గీజర్ పెట్టించింది. అప్పటి నుంచే బోర్డులోని ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే లైన్ తెంపే స్విచ్, టప్పుమని పడిపోవడం మొదలైంది. గీజర్ వేసినా అంతే, ఇస్త్రీ పెట్టినా అంతే. లైట్లు, ఫ్యాన్లు మాత్రం వేరే స్విచ్ మీద నిమ్మళంగా వెలుగుతూ తిరుగుతూ ఉండేవి.

"ఏంది కళావతీ, నీ పెట్టెతోని లొల్లి! నీళ్లు కాగనిస్తలేదు," అంది ఆండాలు.

"నాది పాతపెట్టె కాదక్కా. మొన్ననే దుకాణంల చూపిచ్చిన, మంచిగుంది అన్నడు."

"మరి నా గీజర్ కొత్తది. అది ఖరాబైందంటవా?"

ఆండాలు భర్త కృష్ణయ్యకి ఈ గొడవ నచ్చలేదు. అట్టముక్క మడిచి, ఎంసీబీ పిడి కిందికి పడకుండా సందులో కుక్కాడు. "గిప్పుడు పడమను చూద్దాం," అన్నాడు. రెండు చొక్కాలు పూర్తికాగానే పెట్టె చల్లబడింది. వెళ్లి చూస్తే పిడి పైకే ఉంది. ఇక ఆండాలు నోరు ఆగలేదు. "పిడి నిలబడ్డది, కరెంటు పోయింది. అంటే నీ పెట్టెనే లైన్ను కాల్చింది! వేరే ఇల్లు చూస్కో."

వేరే ఇల్లు అంటే వేరే గల్లీ, వేరే బట్టలు, పది గుమ్మాల నమ్మకం మళ్లీ మొదటి నుంచి సంపాదించుకోవడం. కళావతి ఆ మధ్యాహ్నమంతా చొక్కాలు ముట్టకుండా కూర్చుంది.

మర్నాడు కృష్ణయ్య పిలిస్తే డానియేలు వచ్చాడు. కంచన్‌బాగ్‌లో కాంట్రాక్టు పని చేసే ఎలక్ట్రీషియన్, ఈ వీధి చర్చికి వచ్చే మనిషి. ముందుగా అట్టముక్క పీకేశాడు.

"గిది ఎవల పని? పిడి పట్టుకుని నిలబెట్టినా లోపల కరెంటు తెగనే తెగుతది అన్నా. పైకి లేచి కనపడ్డది గని, అప్పుడే పడిపోయింది."

కృష్ణయ్య గడ్డం గోక్కున్నాడు.

"వెయ్యంగనే పడుతదా, ఆలస్యమయి పడుతదా?" అడిగాడు డానియేలు.

"గీజర్ అయితే తొందరగ. పెట్టెతోని రెండు చొక్కాలయినంక," కళావతి తలుపు దగ్గర నుంచే చెప్పింది.

"గట్ల ఆలస్యమయిందంటే షార్ట్ సర్క్యూట్ కాదు. వేడి."

తీగ చుట్టూ కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పట్టి రెంటినీ ఒక్కొక్కటిగా వేయించాడు. గీజర్‌కి తొమ్మిది ఆంపియర్ల లోపు. ఇస్త్రీకి అందులో సగం. ఎంసీబీ మీద రాసింది పదహారు; రెండూ కలిపినా అంత లేదు. మెయిన్ ఆపి, ఎంసీబీకి చెయ్యి ఆనించి, వేడికి వెనక్కి లాక్కున్నాడు. మూత తీస్తే స్క్రూ దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగులో ఉబ్బి ఉంది.

"అల్యూమినియం తీగ. కాగినప్పుడల్లా నొక్కుకుపోయి, చల్లారితే స్క్రూ కింద వదులైతది. ఆ వదులు దగ్గర వేడి పుట్టి లోపలి రేకు వంగుతది, ఎక్కువ కరెంటు వస్తున్నదనుకుని ఎంసీబీ పడుతది. లైట్లది వేరే లైన్, దానికేం కాలేదు. పెట్టె తప్పు లేదు, గీజర్ తప్పు లేదు."

కళావతి తలుపు దగ్గర నుంచి బోర్డు దాకా వచ్చింది.

డానియేలు తీగ చివర కత్తిరించాడు. లోపలికీ అదే నలుపు. ఇంకొంచెం కత్తిరించాడు. గోడలోని పైపు అంచు దాకా తీగ పైతొడుగు ఎండుటాకులా రాలిపోయింది. "ఈ లైన్ పనికిరాదు. గోడ మీద పట్టీ కొట్టి రాగితీగలు గుంజాల. స్నానాలగదికొకటి, వెనకగదికొకటి."

ఆండాలు నల్లటి తీగముక్క చేతిలోకి తీసుకుని వేళ్లతో నలిపి చూసింది. ఆమె కళ్లలో నిప్పు లేదు, పొగ ఉంది.

"స్నానాలగదికి గుంజు. ఈయనకు మోకాళ్ల నొప్పులు, వేన్నీళ్లు లేనిది లేవడు."

"మరి వెనకగదికి?"

"వద్దు."

"అక్కా, తప్పు నాది కాదన్నడు కద!"

"కాదు. నేను గాదంటనా?" ఆండాలు గొంతు మెత్తబడింది. "గని గోడల ఇట్ల మండుకుంట ఉంటే నాకు తెల్వలేదు, కళావతీ. నువ్వు పొద్దంత పెట్టె నడుపుతవు. నాకు నిద్ర పట్టదు. గదిల ఉండు, ఫికర్ జెయ్యకు. ఇస్త్రీ మాత్రం వద్దు."

డానియేలు రాగితీగ చుట్ట విప్పడం మొదలుపెట్టాడు. ఒక్క లైనుకు సరిపడా.

తప్పు తేలింది, భయం తేలలేదు. కళావతి గదిలోకి వెళ్లి చొక్కాలు ఒక్కొక్కటే అరచేత్తో నిమిరింది. చేతి వేడికి ముడతలు కాస్త తలవంచి, చెయ్యి తీయగానే మళ్లీ లేచాయి. ఎండ గల్లీ దాటిపోయింది. మొదటి ఇంటి మూట తలకెత్తుకుని వెళ్లి గుమ్మంలో దించింది.

"ఇస్త్రీ కాలేదమ్మా," అంది. "ఇగ నాకు కాదు. వేరే ఎవలకన్న ఇయ్యుండ్రి."