నా బదులు ఆవిడని పిలవండి

బాపట్లలో ఒక కాలేజీవాళ్లు తీరప్రాంత జీవజాలం మీద సెమినార్ పెట్టి, మండపీతల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అవే తేదీల్లో నాకు ప్రాక్టికల్స్‌కి ఎక్స్‌టర్నల్ డ్యూటీ పడింది. తెనాలిలో జువాలజీ చెప్పే నాకు ఇది ఏటా ఉండే తంటానే.

రేపల్లె కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేస్తూ నాతో కలిసి పరిశోధన చేసిన అమ్మాయిని, నా బదులు మాట్లాడతావా అని ముందుగా అడిగాను. ఆమెది అడవులదీవిలో చేపల వేటకెళ్లే కుటుంబం. మా పరిశోధన కోసం రెండేళ్లు పడవలెక్కి, మడ అడవుల బురదలో దిగి పీతలు కొలిచింది ఆమే. సరేనంది. ఆ తర్వాతే కన్వీనర్‌కి మెయిల్ పెట్టాను. పిలిచినందుకు కృతజ్ఞతలు చెప్పి, రాలేని కారణం రాసి, ఆమె చేసిన పని వివరించి, ఫోన్ నంబర్ ఇచ్చాను.

వారానికి బ్రోషర్ వచ్చింది. అందులో నా ఫోటో, నా పేరు! ఒళ్లు మండిపోయి కన్వీనర్‌కి ఫోన్ చేశాను.

"మీ పేరుంటే బరువండి మేడమ్. మీరు రాకపోయినా మీ స్లైడ్లు ఆవిడ చదివేస్తారు. ఆవిడతో మాట్లాడేశాం, ఒప్పుకున్నారండి."

ఆమెకి ఫోన్ చేసి, "ఎలా ఒప్పుకున్నావమ్మా?" అని అరిచాను.

"పోన్లెండి మేడమ్. గెస్ట్ వాళ్లని స్టేజీ ఎవరెక్కిస్తారండీ?"

ఆ నెమ్మదితనం చూసి ఇంకా రేగిపోయాను. మళ్లీ కన్వీనర్‌కి చేసి నోటికొచ్చినట్టు దులిపేశాను. ఉద్యోగం పర్మనెంట్ కాకపోతే మనిషి నోరు కూడా టెంపరరీయేనా అన్నాను. ఒకరు వండితే ఇంకొకరి పేరున వడ్డించడం సిగ్గుచేటన్నాను. ఆయన అంతా విని, మర్యాద తప్పకుండానే అన్నాడు.

"మీరు కోప్పడితే ఎలాగండీ? పీతల మీద మీరు వేసిన రీసెర్చ్ పేపర్ ఇప్పుడు నా ముందే ఉంది. మొదటి పేరు మీది. ఆవిడది మూడోది. మేమేమన్నా మార్చామాండీ?"

మార్చలేదు. ఆ వరస వేసింది నేనే. రెండో పేరు మా హెచ్.ఓ.డి.ది. ఆయన ఒక్క పీతను కూడా ముట్టుకోలేదు. ఆ పేపర్ పంపేటప్పుడు నా ప్రమోషన్ ఫైలు నడుస్తోంది. అందరూ అలాగే వేస్తారు కదా అని వేసేశాను. ఫోన్ పెట్టేశాను.

ఆ సాయంత్రం ఇంకో మెయిల్ రాశాను. పని మొత్తం ఆమెదేననీ, మొదటి పేరు నేను వేసుకోవడం తప్పనీ, నా పేరు తీసేసి ఆమె పేరుతోనే ప్రసంగం పెట్టమనీ రాశాను. ఆమెకీ ఒక కాపీ పంపాను. బ్రోషర్ మార్చి వేశారు.

థాంక్స్ చెబుతుందని ఎదురుచూశాను. ఫోనైతే చేసింది.

"పీతలు కొలిచింది నేనేనని ఇప్పుడు రాశారు, సంతోషమండి. పేపర్ పంపిన రోజు కూడా ఆ సంగతి మీకు తెలుసు కదండీ మేడమ్?"