ఒకే మాటకు రెండు గదులు, మా మాటకు ఒక్కటీ లేదు

ఈ రోజు గల్ఫ్‌లో మేముండే సజ్జా లేబర్ క్యాంపులో బిల్డింగు కూలీలకు సేఫ్టీ క్లాసు. హిందీ వాళ్లకు ఒక గది, ఉర్దూ వాళ్లకు ఇంకో గది. రెండింటిలోనూ ఒకే ట్రైనర్ దాదాపు అవే మాటలు చెప్పాడు. కాగితం మీద లిపే మారింది. దేశాలు రెండయ్యాయి, భాషలూ రెండయ్యాయి.

మా తండా రూప్లా కాకాకు లంబాడీ తప్ప ఏదీ సరిగా రాదు. "కాకాకు మా మాటల నేను చెప్త సార్" అన్నాను.

"లంబాడీ భాషెక్కడిదిరా? అదో యాస. లిస్టులో లేదు" అన్నాడు తెలుగు సూపర్‌వైజర్. వాడికి అందులో ఒక్క ముక్క అర్థం కాదు!

బెంచీ మీద చేతులు కట్టుకున్న కాకాను చూస్తే ఒకటో తరగతి గుర్తొచ్చింది. తండా దోస్తులారా, గుర్తుందా? జొన్న రొట్టె, మన బాటి వాసన వేసే సంచి పట్టుకుని "యాడీ" అని అమ్మ కోసం ఏడిస్తే, సార్ బెత్తం తీసి "మనుషుల భాషలో ఏడువురా" అనేవాడు. జనాభా లెక్కల్లో మన మాటను హిందీ కింద కలిపేశారు. హిందీ రాని మా యాడి హిందీ మనిషైపోయింది. మనకో రాజ్యం ఉంటే ఇదే మాట భాషయ్యేది.

అంతా అర్థమైందని రాసున్న హిందీ కాగితం మీద కాకా వేలిముద్ర వేశాడు. "ఏం చెప్పిండు బిడ్డా?" అని మా మాటలో అడిగాడు. నేను నోరు తెరిచేలోపే "యల్లా, యల్లా" అని అరబ్బీలో తొందరపెడుతూ ఆయన్ని వేరే సైటు బస్సెక్కించారు. అక్కడ పదో అంతస్తులో నడుముకు కట్టిన తాడు ఎక్కడ తగిలించాలో ఆయనకు తెలియదు.